పొలం గొడవలో అరెస్టయితే ఫ్యాక్టరీ ఉద్యోగం తీసేస్తారా? శుక్రవారం లోపు రాజీనామా ఇమ్మంటున్నారు

పాలకొల్లు ఆడపడుచు

అందరికీ నమస్కారమండి. చాలా టెన్షన్‌లో రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి. మా తమ్ముడు భీమవరం వైపు ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో ఫ్రీజర్ సెక్షన్లో మెషిన్ ఆపరేటర్. 9 ఏళ్ల సర్వీసు, పర్మనెంట్, పీఎఫ్ అన్నీ ఉన్నాయి. ఒక్క మెమో కూడా లేదు ఇప్పటివరకు.

మాకూ మా చిన్నాన్న వాళ్లకూ బోదె నీళ్ల దగ్గర ఎప్పటినుంచో తగాదా ఉంది. కిందటి నెల ఒక శనివారం సాయంత్రం డ్యూటీ దిగి వచ్చాక వీడు పొలానికి వెళ్లాడు, అక్కడ మా తూముకు వాళ్లు అడ్డంగా మట్టి వేసి ఉంది, మాటామాటా పెరిగింది, తోపులాటలో పార కర్ర తగిలి చిన్నాన్నకి ముంజేయి విరిగింది. ఎవరిది తప్పో ఇక్కడ తేల్చమని అడగడం లేదు. ఆ రాత్రే పోలీసులు తీసుకెళ్లారు, ఆదివారం మేజిస్ట్రేటు గారింటి దగ్గర హాజరుపరిచి 14 రోజులు రిమాండ్ వేశారు, సబ్ జైలుకు పంపారు. బెయిల్ ఆర్డరు వచ్చినా జామీనుదార్ల కాగితాలతో ఆలస్యమై రెండో శుక్రవారం సాయంత్రం బయటకొచ్చాడు.

శనివారం పొద్దున్నే డ్యూటీకి వెళ్తే గేటు దగ్గరే ఐడీ కార్డు తీసేసుకున్నారు. రెండు గంటలు నిలబెట్టి ఒక కాగితం ఇచ్చారు, క్రిమినల్ కేసులో అరెస్టయ్యి కంపెనీ పేరు చెడగొట్టావు కాబట్టి సస్పెండ్ చేస్తున్నామని. తర్వాత లోపలికి పిలిచి మెల్లగా చెప్పారంట, శుక్రవారం లోపు రాజీనామా రాసిచ్చేస్తే ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్, రావలసిన డబ్బులు ఇచ్చేస్తాం, లేకపోతే డిస్మిస్ అని రాస్తాం, ఇక ఎక్కడా ఉద్యోగం రాదు అని. ఫ్యాక్టరీలో ఏ తప్పూ చేయలేదు కదండి, పొలం గొడవకి ఉద్యోగం ఎలా తీస్తారు? ఇద్దరు చిన్నపిల్లలు. వాడు రాజీనామా రాసేద్దాం అక్కా అంటున్నాడు.

విశ్రాంతి

అమ్మా, నేను రెవెన్యూలో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యాను. ఇందులో సందేహమే లేదు. 48 గంటలు దాటి కస్టడీలో ఉంటే ఉద్యోగి సస్పెండ్ అయినట్టే లెక్క, ఎవరూ ఆర్డరు ఇవ్వక్కర్లేదు కూడా, రూలే సస్పెండ్ చేసేస్తుంది. నా సర్వీసులో నా చేత్తోనే ఇలాంటి ఫైళ్లు నాలుగైదు పెట్టాను. ఒక విలేజ్ అసిస్టెంటు వరకట్నం కేసులో శుక్రవారం రాత్రి అరెస్టయ్యి సోమవారం బయటకొచ్చాడు, సెలవురోజులే కదా ఎవరికీ తెలియదులే అనుకుని మంగళవారం సంతకం పెట్టేశాడు. నెలన్నర తర్వాత స్టేషన్ నుంచి లెటరు వచ్చాక అరెస్టయిన తేదీ నుంచే సస్పెన్షన్ ఆర్డరిచ్చాం, పైగా చెప్పకుండా దాచాడని వేరే ఛార్జి పడింది. అసలు కేసు కంటే అదే అతనికి ఎక్కువ చేటు చేసింది. కాబట్టి మీ తమ్ముడి సస్పెన్షన్ సరైనదే. కానీ సస్పెన్షన్ అంటే ఉద్యోగం తీసెయ్యడం కాదు. ధైర్యంగా ఉండండి.

రాజోలు కుర్రాడు

బెయిల్ వచ్చేసింది కదా అక్కా, బెయిల్ వస్తే సస్పెన్షన్ దానంతటదే పోద్ది. బెయిల్ కాపీ పట్టుకెళ్లి డ్యూటీలో చేరిపోవడమే.

విశ్రాంతి

లేదు బాబూ, పోదు. బెయిల్ వచ్చినా సస్పెన్షన్ ఎత్తేస్తున్నామని ఆర్డరు ఇచ్చేదాకా అది అలాగే ఉంటుంది. సుప్రీంకోర్టు 2003లో ఒక కేంద్ర ఉద్యోగి కేసులో ఇదే చెప్పింది. ఉద్యోగి అర్జీ పెట్టుకోవాలి, ఆఫీసు దాన్ని చూడాలి.

భీమవరం ప్లీడరు

విశ్రాంతి గారు చెప్పినదంతా ప్రభుత్వ ఉద్యోగులకి అక్షరాలా నిజం. మన రాష్ట్రంలో 1991 సీసీఏ రూల్స్‌లో 8వ రూలు అది. కానీ ఈ అమ్మాయి తమ్ముడు ప్రైవేటు ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు. అక్కడ 48 గంటల రూలు లేదండి. నా దగ్గరకొచ్చే ప్రైవేటు వాళ్లలో సగంమంది ఈ 48 గంటల మాట పట్టుకునే వస్తారు, కొన్ని కంపెనీల హెచ్చార్ వాళ్లు కూడా అదే రాసేస్తుంటారు.

ప్రైవేటు ఫ్యాక్టరీలో చూడవలసింది స్టాండింగ్ ఆర్డర్స్, అంటే ఆ ఫ్యాక్టరీ ఉద్యోగుల సర్వీసు రూల్స్. మీ ప్లాంటులో ఎంతమంది? అవి తప్పనిసరి కావడానికి పాత చట్టంలో 100 మంది ఉంటే చాలు, 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లో 300 చేశారు. అంతకంటే తక్కువైతే అపాయింట్‌మెంట్ లెటర్లో ఏం రాశారో అది చూడాలి. స్టాండింగ్ ఆర్డర్స్‌లో ఏది తప్పుగా పరిగణిస్తారో రాసి ఉంటుంది, అందులో రాసినదానికే శిక్ష వేయగలరు. ‘అరెస్టు కావడం’ అనే తప్పు మామూలుగా అందులో ఉండదు. అరెస్టంటే పోలీసులు అనుమానించారని మాత్రమే అర్థం. 1983లో మీరట్ లేబర్ కోర్టు నుంచి వెళ్లిన ఒక మందుల కంపెనీ కేసులో సుప్రీంకోర్టు ఇది బాగా విడమరిచింది. కంపెనీ ఆవరణలోనో దాని పక్కనో జరిగినదాన్నే స్టాండింగ్ ఆర్డర్స్ తప్పు అంటుంటే, ఎక్కడో బయట జరిగిన గొడవను కూడా దాని కిందకి లాగడానికి వీల్లేదంది. పనితో ఏదో ఒక లంకె ఉండాలి.

ముందు రెండు పనులు చేయండి. రాజీనామా మీద సంతకం పెట్టొద్దు, ఇది మొదటిది. డిస్మిస్ చేస్తే కోర్టుకి వెళ్లే దారి ఉంటుంది, రాజీనామా చేస్తే ‘తనే వెళ్లిపోయాడు’ అంటారు, బలవంతంగా రాయించుకున్నారని నిరూపించే బరువు మీ మీద పడుతుంది, అది చాలా కష్టం. రెండోది, ఆ సస్పెన్షన్ కాగితంలో ఉన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ టైపు చేయండి. పేర్లు తీసేయండి. మీరు చెప్పిన సారాంశం కాదు, మొత్తం కావాలి.

షిఫ్ట్ బి

నేనూ అలాంటి ప్లాంటులోనే ప్యాకింగ్‌లో చేస్తాను. మా దగ్గర సంక్రాంతికి కోడిపందేల దగ్గర పట్టుకెళ్లిన వాళ్లు ప్రతి ఏడూ పదిమంది ఉంటారు, స్టేషన్ బెయిల్ మీద తెల్లారేసరికి వచ్చేస్తారు, ఎవర్నీ ఎప్పుడూ సస్పెండ్ చేయలేదు. డ్యూటీకి వచ్చాడా లేదా అన్నదే చూస్తారు. మీవాడు రెండువారాలు రాకపోవడమే అసలు సంగతి అయ్యుంటుంది, కాగితం సరిగ్గా చదవండి.

పాలకొల్లు ఆడపడుచు

ప్లీడరు గారూ, ప్లాంటులో రోల్స్ మీద 450 మంది దాకా ఉన్నారంట, కాంట్రాక్టు వాళ్లు వేరే. కాగితం ఇంగ్లీషులో ఉంది, మా పక్కింటి అబ్బాయి చేత తెలుగు చేయించాను. ఇదిగో.

‘ఫలానా తేదీన మీరు ఒక క్రిమినల్ కేసులో అరెస్టయి రిమాండుకు పంపబడినట్లు, ఆ వార్త స్థానిక పత్రికలో వచ్చినట్లు మా దృష్టికి వచ్చింది. ఇది కంపెనీ ప్రతిష్ఠకు భంగం కలిగించే ప్రవర్తన. అదీగాక మీరు ముందస్తు అనుమతి గాని సమాచారం గాని లేకుండా వరుసగా 12 రోజులు విధులకు గైర్హాజరయ్యారు. ఇది స్టాండింగ్ ఆర్డర్స్ ప్రకారం తీవ్రమైన దుష్ప్రవర్తన. విచారణ పెండింగులో ఉంచి మిమ్మల్ని తక్షణం సస్పెండ్ చేయడమైనది. ఛార్జిషీటు విడిగా జారీ చేయబడుతుంది.’

మొన్న నేను మొదటి మూడు లైన్లే చదివాను, మిగతాది మామూలుగా రాసే మాటలనుకున్నాను. ఇంకోటి అడగాలి, ఛార్జిషీటు కోర్టులో పోలీసులు కదా వేసేది, కంపెనీ వేస్తుందేంటి?

భీమవరం ప్లీడరు

షిఫ్ట్ బి గారు సరిగ్గా పట్టుకున్నారు. ఉద్యోగం తీసేది ఆ గైర్హాజరు వాక్యమేనమ్మా.

ముందు మీ ప్రశ్నకి జవాబు. ఛార్జిషీట్లు రెండు. పోలీసులది కోర్టుకి వెళ్తుంది, చేయి విరగ్గొట్టాడా లేదా అన్నది అందులో ఉంటుంది. కంపెనీది మీ తమ్ముడి చేతికొస్తుంది, నువ్వు ఫలానా రూలు తప్పావు, సమాధానం చెప్పు అని. దాని మీద ఫ్యాక్టరీలోనే ఎంక్వైరీ జరుగుతుంది. ఈ రెంటినీ కలిపేసుకుని ‘కేసు కోర్టులో ఉంది కదా, కంపెనీకి నేనెందుకు జవాబివ్వాలి’ అని ఊరుకున్నవాళ్లని చూశాను, వాళ్ల పరోక్షంలో ఎంక్వైరీ అయిపోయి డిస్మిస్ ఆర్డరు ఇంటికొచ్చింది.

ఇప్పుడు ఆ 12 రోజులు. మామూలు స్టాండింగ్ ఆర్డర్స్‌లో సెలవు లేకుండా వరుసగా 10 రోజులు దాటి రాకపోతే అది తప్పు. మీవాడు సోమవారం నుంచి ఆ తర్వాతి శుక్రవారం వరకు లెక్కేస్తే, మధ్యలో ఆదివారం కూడా కలిపి, 12. తెలివైన కంపెనీ అరెస్టు సంగతి పక్కన పెట్టేసి దీని మీదే వెళ్తుంది, ఎందుకంటే అరెస్టును తప్పుగా నిరూపించలేరు, హాజరు పుస్తకాన్ని నిరూపించడం సులువు. మన జవాబు కూడా అక్కడే బలంగా ఉండాలి. జైల్లో ఉన్నవాడు కావాలని మానలేదు, రాలేకపోయాడు. కానీ ‘రాలేకపోయాడు’ అన్న ఒక్క మాటతో పని జరగదు, కనీసం కబురు పెట్టారా అని అడుగుతారు. ఆ 12 రోజుల్లో ఇంట్లోవాళ్లు ఎవరైనా కంపెనీకి ఏమైనా చెప్పారా? లెటరు, ఫోను, వాట్సాప్, ఏదైనా సరే. బాగా గుర్తు తెచ్చుకోండి.

పాలకొల్లు ఆడపడుచు

చెప్పానండి! మంగళవారం నేనే వాళ్ల సూపర్‌వైజరుకి ఫోన్ చేశాను, ఎత్తలేదు, వాట్సాప్ పెట్టాను. ఇప్పుడే తీసి చూశాను. ‘సార్ నేను ఫలానా వాళ్ల అక్కని, ఇంట్లో గొడవ వల్ల తమ్ముడు కొన్నాళ్లు డ్యూటీకి రాలేడు, దయచేసి లీవు రాయండి’ అని ఉంది. మంగళవారం ఉదయం 9.40. ఆయన ‘ఓకే చూద్దాం’ అన్నారు. అరెస్టని మాత్రం రాయలేదు, పరువు పోతుందని.

భీమవరం ప్లీడరు

అది బంగారం. ఫోను మార్చకండి, ఆ మెసేజ్ డిలీట్ కాకుండా చూడండి, స్క్రీన్‌షాట్ ఒక్కటే సరిపోదు, ఫోన్లో అసలుది ఉండాలి. ‘సమాచారం లేకుండా’ అన్న మాట అక్కడికక్కడే పడిపోతుంది. అరెస్టని రాయకపోవడం కొంచెం లోటే, దాన్ని దాచడం అంటారు. కానీ పత్రికలో వచ్చిందని వాళ్లే రాశారు, వాళ్లకి తెలియనిది ఏమీ లేదు.

ఇలాంటి ఇబ్బంది ఎవరికైనా వస్తే, అరెస్టయిన రెండు మూడు రోజుల్లోనే ఇంట్లోవాళ్లు సెలవు చీటీ రాసి స్పీడ్ పోస్టులో అక్నాలెడ్జ్‌మెంటుతో పంపించాలి. ములాఖత్‌కి వెళ్లినప్పుడు జైలరు గారి ద్వారా ఉద్యోగి సంతకం తీసుకోగలిగితే ఇంకా మంచిది. కారణం నిజమే రాయండి. సెలవు ఇవ్వకపోయినా ఫర్వాలేదు, అడిగినట్టు రుజువు ఉంటుంది.

హెచ్చార్ డెస్కు

నేను తణుకు వైపు ఒక ఫ్యాక్టరీలో హెచ్చార్ చూస్తాను, ఈ కంపెనీకీ నాకూ సంబంధం లేదు. మావాళ్లందరూ దుర్మార్గులన్నట్టు మాట్లాడొద్దని కోరుతున్నాను. రాజీనామా కోసం ఒత్తిడి చేయడం తప్పు, ఆ పని నేనెప్పుడూ చేయలేదు. కానీ సస్పెన్షన్ వేరు. సస్పెన్షన్ శిక్ష కాదు, విచారణ అయ్యేవరకు దూరంగా ఉంచడం. మేడం గారిని ఒకటి అడుగుతాను, నొచ్చుకోవద్దు. దెబ్బ తగిలిన చిన్నాన్న గారి తరఫు వాళ్లెవరైనా అదే ప్లాంటులో చేస్తున్నారా? మన ఊళ్లల్లో ఒక ఫ్యాక్టరీలో సగం ఊరు పనిచేస్తుంది కాబట్టి అడుగుతున్నాను.

పాలకొల్లు ఆడపడుచు

చిన్నాన్న కొడుకు ప్యాకింగ్‌లో చేస్తాడండి. అదే షిఫ్టు. వాడికీ మావాడికీ చిన్నప్పటినుంచి మంచి స్నేహమే, ఈ గొడవ అయ్యాకే మాటల్లేవు.

హెచ్చార్ డెస్కు

అదేనండి. ఇప్పుడు నేను ఆ కంపెనీలో ఉంటే నేనూ సస్పెండ్ చేసేవాణ్ణే. మైనస్ 40 డిగ్రీల బ్లాస్ట్ ఫ్రీజర్, కన్వేయర్లు, అమ్మోనియా లైన్లు ఉన్నచోట, చేయి విరిగిన మనిషి కొడుకునీ, విరగ్గొట్టాడని కేసున్న మనిషినీ ఒకే షిఫ్టులో పక్కపక్కన పెట్టి నేను నిద్రపోలేను. ప్లీడరు గారు అన్న లంకె ఇక్కడ ఉంది. గొడవ పొలంలో జరిగినా అది ఫ్లోరు మీదకి రావచ్చు.

భీమవరం ప్లీడరు

ఈ సంగతి ముందే చెప్పి ఉండాల్సిందమ్మా. హెచ్చార్ డెస్కు గారి మాటను నేను తోసిపుచ్చను. సస్పెన్షన్‌ని సమర్థించుకోవడానికి కంపెనీకి ఇది మంచి కారణమే. కానీ రెండు విషయాలు. ఆ కారణం వాళ్ల కాగితంలో లేదు, ‘ప్రతిష్ఠ’ అని మాత్రమే రాశారు. రెండోది, అది కొన్నాళ్లు దూరంగా ఉంచడానికి సరిపోతుంది గాని ఉద్యోగం నుంచి తీసెయ్యడానికి సరిపోదు. షిఫ్టు మార్చొచ్చు, సెక్షన్ మార్చొచ్చు. మీ జవాబులో మీరే ఆ మాట రాయండి, వేరే షిఫ్టు ఇచ్చినా చేస్తానని. అది మీవాడికే మేలు చేస్తుంది.

హెచ్చార్ డెస్కు

దానికి నేను ఒప్పుకుంటాను. కానీ చేయి విరగ్గొట్టడం లాంటి కేసులో శిక్ష పడితే మాత్రం ఏ కంపెనీ అయినా తీసేస్తుంది.

భీమవరం ప్లీడరు

శిక్ష పడితే అది వేరే మాట. అప్పుడు కూడా కళ్లు మూసుకుని తీసెయ్యాలని లేదు, ప్రభుత్వంలో సైతం శిక్ష పడ్డాక ఆ నేరం ఎలాంటిది, ఏ శిక్ష తగును అని ఆలోచించాలి. కానీ కోర్టులో తీర్పు రావడానికి ఏళ్లు పడుతుంది, ఇప్పుడు మనం ఉన్నది ఎఫ్ఐఆర్ దగ్గరే.

నర్సు అక్క

నాది కూడా చెప్తాను. నేను కోనసీమలో ఒక ఆస్పత్రిలో అవుట్‌సోర్సింగ్ నర్సుని. కిందటేడు మా ఆయన చేసిన అప్పుల కేసులో నన్ను కూడా నిందితురాలిగా చేర్చి స్టేషన్‌కి తీసుకెళ్లి, సాయంత్రం నోటీసు ఇచ్చి పంపేశారు. మర్నాడు ఏజెన్సీ వాళ్లు ఫోన్ చేసి ‘రేపటి నుంచి రావద్దమ్మా’ అన్నారు. కాగితం లేదు, సస్పెన్షన్ లేదు, ఏమీ లేదు. నా 4 ఏళ్ల పని ఒక్క ఫోన్లో అయిపోయింది. పర్మనెంట్ వాళ్లకి ఇన్ని దారులున్నాయి, మాలాంటివాళ్లకి ఏముందండి?

భీమవరం ప్లీడరు

మీకు జరిగింది చాలా బాధాకరమమ్మా. మీకు సస్పెన్షన్, ఎంక్వైరీ అనే మెట్లు ఎవరూ ఎక్కించరు, నేరుగా రావద్దంటారు. కానీ ఒక ఏడాదిలో 240 రోజులు పనిచేసినవాళ్లని నోటీసు లేకుండా, నష్టపరిహారం లేకుండా తీసెయ్యడాన్ని ప్రశ్నించొచ్చు. మీ యజమాని ఆస్పత్రి కాదు, ఏజెన్సీ. మీ పేరున పీఎఫ్ కట్టినట్టుంటే ఆ పాస్‌బుక్ డౌన్‌లోడ్ చేసుకోండి, ఎన్ని నెలలు చేశారో అదే సాక్ష్యం. లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టండి. మళ్లీ ఉద్యోగం వస్తుందని నేను మాటివ్వలేను, డబ్బు రాబట్టడం వరకు అవకాశం ఉంది.

రాజోలు కుర్రాడు

ఇంతకీ నాదొక డౌటు. నేను కానిస్టేబుల్‌కి ప్రిపేరవుతున్నాను. కాలేజీలో ఉన్నప్పుడు ఒక గొడవలో నా మీద కేసు పెట్టారు, తర్వాత కొట్టేశారు. ఫారంలో రాయాలా? కొట్టేశారు కదా, లేదని రాసేస్తే ఏమవుద్ది?

విశ్రాంతి

బాబూ ఇది వేరే ప్రశ్న, కానీ ప్రమాదకరమైన ప్రశ్న. రాయి. కొట్టేశారని కూడా రాయి. కేసు చిన్నదైతే క్షమిస్తారేమో గాని, దాచావని తెలిస్తే చేరిన ఏళ్ల తర్వాత కూడా తీసేస్తారు. 2016లో సుప్రీంకోర్టు ఈ దాచే సంగతి మీద పెద్ద తీర్పు ఇచ్చింది. ఏది అడిగితే అది నిజం రాయి, అంతే.

ప్లీడరు గారూ, ప్రైవేటుకి 48 గంటలు లేవన్నది నాకు ఇన్నాళ్లూ తెలియదు. మా మేనల్లుడికి తప్పు సలహా ఇచ్చాను ఈ విషయంలో, ఇవాళే ఫోన్ చేస్తాను.

షిఫ్ట్ బి

జీతం సంగతి ఎవరూ చెప్పలేదు. సస్పెన్షన్లో ఏమిస్తారు? మా దగ్గర ఒకతన్ని సస్పెండ్ చేసి 5 నెలలు పైసా ఇవ్వలేదు, వాడే విసిగిపోయి చేపల చెరువు కాపలాకి వెళ్లిపోయాడు.

భీమవరం ప్లీడరు

అలా విసిగి వెళ్లిపోవాలనే ఇవ్వరు. విచారణ పెండింగులో సస్పెండ్ చేస్తే మొదటి 90 రోజులు సగం జీతం, ఆ తర్వాత ఆలస్యం ఉద్యోగి వల్ల కాకపోతే ముప్పాతిక ఇవ్వాలి. ఉదాహరణకి 18,000 జీతమైతే మొదటి మూడు నెలలు 9,000 చొప్పున, తర్వాత 13,500. కొత్త కోడ్‌లో విచారణ కూడా మామూలుగా 90 రోజుల్లో పూర్తిచేయాలని ఉంది. ఆ డబ్బు తీసుకునేటప్పుడు వేరే ఎక్కడా పనిచేయడం లేదని రాసివ్వమంటారు. కాబట్టి చెరువు కాపలాకి వెళ్లి కూలి తీసుకుంటే ఆ భృతి పోగొట్టుకుంటారు, జాగ్రత్త.

ఆ డబ్బు ఇవ్వకుండా ఎంక్వైరీ నడిపితే ఎంక్వైరీయే చెడిపోతుంది. 1999లో కోలార్ బంగారు గనుల సెక్యూరిటీ ఆఫీసరు కేసు ఒకటుంది. సస్పెన్షన్లో భృతి ఇవ్వలేదు, ఆయన కేరళలో సొంతూళ్లో ఉండిపోయాడు, ఎంక్వైరీ కోలార్‌లో పెట్టారు, రావడానికి డబ్బుల్లేక రాలేకపోయాడు, ఆయన లేకుండానే డిస్మిస్ చేశారు. సుప్రీంకోర్టు ఆ డిస్మిస్ కొట్టేసింది. అందుకే మొదటి నెల గడిచేసరికి భృతి రాకపోతే అదే రోజు లెటరు పెట్టాలి.

రాజోలు కుర్రాడు

మరి కేసు కొట్టేస్తే సస్పెన్షన్లో పోయిన సగం జీతం మొత్తం వస్తది కదా?

భీమవరం ప్లీడరు

రావొచ్చు, రాకపోవచ్చు. మీ అందరికీ నచ్చని మాట ఇది. 1996లో గుజరాత్ విద్యుత్ బోర్డు ఉద్యోగి ఒకాయన హత్య కేసులో శిక్షపడి డిస్మిస్ అయ్యాడు, తర్వాత హైకోర్టు నిర్దోషి అంది, ఉద్యోగం తిరిగి వచ్చింది. కానీ మధ్యకాలం జీతం ఇవ్వక్కర్లేదంది సుప్రీంకోర్టు. ఆ కేసులో ఇరుక్కుంది ఆయన, బోర్డు కాదు కదా, పని చేయనప్పుడు జీతం ఎందుకు కట్టాలి అని. పనికి సంబంధం లేని కేసు కావడం ఒక పక్క ఉద్యోగాన్ని కాపాడుతుంది, ఇంకో పక్క జీతం బాకీ అడిగేటప్పుడు అదే అడ్డం వస్తుంది.

హెచ్చార్ డెస్కు

ఈ ముక్క మాత్రం మావాళ్లకి కూడా తెలియదు. అందరూ నిర్దోషి అంటే పూర్తి జీతం ఇవ్వాలేమోనని భయపడి ముందే రాజీనామా అడుగుతుంటారు.

పాలకొల్లు ఆడపడుచు

అందరికీ చేతులెత్తి దండమండి. నిన్న శుక్రవారం తమ్ముడు వెళ్లాడు, నేనూ వెళ్లాను, నన్ను గేటు దగ్గర కూర్చోబెట్టారు. రాజీనామా రాయను సార్, ఎంక్వైరీకి వస్తాను, వేరే షిఫ్టు ఇచ్చినా చేస్తాను అని రాసిచ్చాడు, డూప్లికేటు మీద స్టాంపు వేయించుకున్నాం. తీసుకున్న ఆయన ముఖం అదోలా పెట్టారు గాని ఇంకేమీ అనలేదు. పెద్దాయన ఒకరు వెనకాల వచ్చి ‘రాసివ్వలేదుగా?’ అని అడిగి వెళ్లారు, ఎవరో తెలియదు.

సాయంత్రం స్పీడ్ పోస్టులో కంపెనీ ఛార్జిషీటు వచ్చింది. ప్రతిష్ఠ మాట లేదు. 12 రోజుల గైర్హాజరు ఒక్కటే ఉంది, మీరు చెప్పినట్టే. 7 రోజుల్లో జవాబివ్వమన్నారు.

ఊళ్లో పెద్దలు చిన్నాన్నతో రాజీ మాట్లాడుతున్నారు. రాజీ అయితే కంపెనీ వాళ్లు కూడా వదిలేస్తారా?

భీమవరం ప్లీడరు

పొలం గొడవ ఛార్జిలోనే లేదు కాబట్టి రాజీకీ దీనికీ నేరుగా సంబంధం లేదు. రాజీ కుదరడం మంచిదే, షిఫ్టు సమస్య తీరుతుంది. కానీ ఆ సెక్షను కోర్టులో రాజీపడదగినదో కాదో మీ క్రిమినల్ వకీలుని అడగండి, అన్నీ అలా ఉండవు. జవాబు పూర్తిగా గైర్హాజరు గురించే రాయండి. ఏ తేదీన రిమాండు, ఏ తేదీన విడుదల, జైలు వాళ్లిచ్చే విడుదల కాగితం, వాట్సాప్ సమయం, అంతే. పొలంలో ఏం జరిగిందో ఒక్క ముక్క రాయొద్దు. ఎంక్వైరీలో అడిగినా అది కోర్టులో ఉంది, అక్కడే చెప్తానని వినయంగా అనాలి. ఫ్యాక్టరీలో సంతకం పెట్టిన మాట రేపు క్రిమినల్ కేసులో ముందుకి రావచ్చు. ఛార్జి పొలం గొడవ మీదే అయ్యుంటే, కోర్టు కేసు తేలేవరకు ఎంక్వైరీ ఆపమని అడిగేవాళ్లం. గైర్హాజరు మీద అలా అడగలేం.

విశ్రాంతి

ఎంక్వైరీకి వకీలుని తీసుకెళ్లొచ్చా?

భీమవరం ప్లీడరు

మామూలుగా ఒప్పుకోరు. తోటి ఉద్యోగిని తోడు తీసుకెళ్లొచ్చు. స్టాండింగ్ ఆర్డర్స్ పుస్తకం అడిగి చూడండి, ఎవరిని తీసుకెళ్లొచ్చో అందులో ఉంటుంది. కంపెనీ తరఫున సూపర్‌వైజరు వస్తే ఆ ‘ఓకే చూద్దాం’ మెసేజ్ ఆయనకి చూపించి, ఇది మీరు పంపిందేనా అని ఒక్క ప్రశ్న అడగాలి. దానికి ఆయన చెప్పిన జవాబు ఎంక్వైరీ కాగితాల్లో రాసేవరకు కదలొద్దు. ప్రతి పేజీ కింద సంతకం పెట్టేముందు చదవమనండి, ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చెప్పమనండి.

పాలకొల్లు ఆడపడుచు

తోటి ఉద్యోగుల్లో ఎవరొస్తారా అని తమ్ముడు నలుగురిని అడిగాడండి, ముగ్గురు భయపడ్డారు, వాళ్ల ఉద్యోగాలు వాళ్లవి. నాలుగో అతను వస్తానన్నాడు. ఎంక్వైరీ మంగళవారం పెట్టొచ్చంటున్నారు. ఈ నెల సగం జీతం ఇంకా పడలేదు, సోమవారం దానికి లెటరు పెడుతున్నాం.